కేస్ రిపోర్టుకు మార్కులు ఎలా వేయాలి: జబ్బు పేరును చేత్తో మూసి చదవండి

మా మెడిసిన్ డిపార్ట్‌మెంటులో ప్రతి పీజీ ఏడాదికి ఒక కేస్ రిపోర్టు రాసి ఇవ్వాలి. వాటిని దిద్దే పని కొన్నేళ్లుగా నా మీద పడింది. మొదట్లో నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. డయాగ్నసిస్ కరెక్టా కాదా అని మాత్రమే చూసేదాన్ని. కరెక్టయితే ధారాళంగా మార్కులు, తప్పయితే కోత. ఒకసారి ఒక రిపోర్టుకు 50కి 41 వేసి పక్కన పెట్టాక, అందులో ఆ జబ్బే అని నమ్మడానికి ఆధారం ఒక్కటి కూడా సరిగ్గా లేదని మరో మేడమ్ చూపించారు. జబ్బు నిజంగా అదే. కానీ ఆ సంగతి నాకు తెలిసింది రిపోర్టు వల్ల కాదు, ఆ పేషెంటును నేను రౌండ్స్‌లో చూశాను కాబట్టి. రాసినవాళ్లు వదిలేసిన ఖాళీలన్నీ నా జ్ఞాపకంతో పూడ్చుకుంటూ చదివాను.

అందుకే మొదటి నియమం: మీరు చూసిన పేషెంటు రిపోర్టు మీరు దిద్దకండి. పక్క యూనిట్‌కు ఇచ్చేయండి.

ఇక పద్ధతి. ఇక్కడ ఉదాహరణగా తీసుకున్న రిపోర్టులో పేషెంటు వివరాలన్నీ గుర్తుపట్టకుండా మార్చాను. కొత్తగా దిద్దడానికి వచ్చేవాళ్లకు నేను ఇచ్చేది ఇదే. శీర్షిక ‘ఏఆర్‌డీఎస్‌తో వచ్చిన అరుదైన స్క్రబ్ టైఫస్ కేసు’. సారాంశం ఇది:

పొలం పనికి వెళ్లే 42 ఏళ్ల మహిళ. అక్టోబరు నెల. పొదలు, గడ్డి ఉన్నచోట తిరిగిన చరిత్ర ఉంది. తొమ్మిది రోజులుగా జ్వరం, తలనొప్పి, రెండు రోజులుగా ఆయాసం. ‘వైటల్స్ స్టేబుల్.’ ఆక్సిజన్ శాచురేషన్ బయటి గాలిలో 90 శాతం. ప్లేట్‌లెట్లు 62,000. లివర్ ఎంజైములు మూడింతలు. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు. డెంగీ ఎన్‌ఎస్1 నెగటివ్, మలేరియా నెగటివ్. పరీక్షలో ఎస్కార్ కనిపించింది. వైల్-ఫెలిక్స్‌లో ఓఎక్స్-కె 1:80. సెఫ్ట్రియాక్సోన్, డాక్సీసైక్లిన్ ఇచ్చారు. మూడో రోజున మందు మొదలైంది, ఐదో రోజుకు జ్వరం తగ్గింది. ముగింపు: ‘జ్వరం కేసుల్లో స్క్రబ్ టైఫస్‌ను అనుమానించాలి. త్వరగా గుర్తించి చికిత్స చేయడం ముఖ్యం.’

చదవగానే బాగానే ఉంది కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

పెన్ను పట్టుకునే ముందు

శీర్షికను, డయాగ్నసిస్ ఉన్న పేరాను, చర్చ మొత్తాన్ని ఒక కాగితంతో మూసేయండి. పీడీఎఫ్ అయితే ఎవరితోనైనా ఆ ముక్కలు తీసేసిన కాపీ చేయించుకోండి. మిగిలింది మాత్రమే చదివి, మీకు తోచిన మూడు జబ్బులు మార్జిన్‌లో రాసుకోండి. పక్కన ఎందుకో ఒక్క ముక్క. ఆ తర్వాతే మూత తీయండి.

ఈ రిపోర్టుకు అలా చేసినప్పుడు ‘ఎస్కార్’ అన్న మాట దగ్గరే మూత లేచిపోతుంది. స్క్రబ్ టైఫస్‌లో పురుగు కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు ఏర్పడే నల్లటి పక్కుకే ఎస్కార్ అని పేరు. ఆ మాట వాడటమంటే సగం డయాగ్నసిస్ చెప్పేయడమే. ఏం కనబడిందో రాయాల్సినచోట తన నిర్ణయం రాశారన్నమాట. ఎక్కడ ఉంది? ఎంత సైజు? నొప్పి ఉందా? చుట్టూ ఎరుపు ఉందా? దగ్గర్లో బిళ్ల కట్టిందా? ఇవేవీ లేవు. పొదల్లో తిరిగిన చరిత్ర కూడా అలాంటిదే. అడ్మిషన్ రోజున అడిగి రాసుకున్నదా, జబ్బు తెలిశాక వెనక్కి వెళ్లి అడిగి మొదటి పేరాలో పెట్టిందా? కేస్ షీట్ తెప్పించి చూస్తే మొదటి రోజు హిస్టరీలో ఆ మాటే లేదు. జవాబు తెలిశాక కథను సర్దుకోవడం ఇది. అబద్ధం కాకపోయినా, చదివేవాడికి డయాగ్నసిస్ ఎంత తేలికో అన్న తప్పుడు అభిప్రాయం కలిగిస్తుంది.

నేను 50 మార్కులను ఇలా పంచుతాను: స్పష్టతకు 15, డయాగ్నసిస్ సమర్థనకు 20, పాఠానికి 15. మీ దగ్గర వేరేలా ఉండొచ్చు. డయాగ్నసిస్ సమర్థనకు మాత్రం అన్నింటికన్నా ఎక్కువ ఉండాలి.

స్పష్టత: గీత గీసి చూడండి

తెల్ల కాగితం మీద అడ్డంగా ఒక గీత గీయండి. పైన జ్వరం రోజు, కింద ఆస్పత్రి రోజు. రిపోర్టులో ఉన్న ప్రతి సంఘటననూ ఆ గీత మీద పెట్టండి. ఏది పెట్టలేకపోయారో అక్కడ రిపోర్టు తడబడిందని లెక్క.

ఈ రిపోర్టులో ‘మూడో రోజు’ అంటే ఆస్పత్రిలో మూడో రోజు. జ్వరం లెక్కన పదకొండో రోజు. మొదట ‘తొమ్మిది రోజుల జ్వరం’ అని ఒక లెక్క, తర్వాత చెప్పకుండా ఇంకో లెక్క. ఎన్‌ఎస్1 ఏ రోజు చేశారో లేదు. వైల్-ఫెలిక్స్ రిజల్టును డాక్సీసైక్లిన్ కంటే ముందు వాక్యంలో రాశారు కాబట్టి, రిజల్టు చూసి మందు మొదలుపెట్టారని అనుకుంటాం. కేస్ షీట్‌లో చూస్తే మందు మూడో రోజు సాయంత్రం మొదలైంది, రిజల్టు నాలుగో రోజు వచ్చింది. ఇది చిన్న తేడా కాదు. మందు దేన్ని చూసి మొదలుపెట్టారన్నదే ఈ కేసులో అసలు ప్రశ్న. దానికి జవాబు వాక్యాల వరుసలో మాయమైపోయింది.

క్యాలెండర్ తేదీలు అడగకండి. తేదీలు, ఊరి పేరు, ఐపీ నంబరు ఉంటే పేషెంటును గుర్తుపట్టేయొచ్చు, అవి ఉండకూడదు కూడా. ‘జ్వరం 9వ రోజు, ఆస్పత్రి 1వ రోజు’ అని రాస్తే చాలు.

తర్వాత చూడాల్సింది మాటకూ అంకెకూ పొంతన. శాచురేషన్ 90 ఉన్న మనిషికి వైటల్స్ స్టేబుల్ ఎలా అవుతాయి? నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు తీసుకుంటోందో రాయలేదు. ఆయాసంతో వచ్చిన కేసులో ఆ ఒక్క అంకె లేకపోవడం నాకు అన్నింటికంటే చిరాకు తెప్పించింది. మరోవైపు అవసరం లేని ల్యాబ్ విలువలతో పేజీ నిండా పట్టిక ఉంది, కొలెస్ట్రాల్‌తో సహా. నిండుగా కనిపించే పట్టికకు మార్కులు వేసే అలవాటు మనందరికీ ఉంది. పట్టికలో ఉన్నదాంట్లో చర్చలో ఎన్నింటిని వాడుకున్నారో లెక్కపెట్టండి. వాడనిది ఎందుకు పెట్టారు?

ఇంగ్లిష్ తప్పులకు నేను మార్కులు కోయను. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన పిల్లలు రాసిన వంకర వాక్యంలో కూడా ఏ రోజు ఏం జరిగిందో ఖచ్చితంగా ఉంటే అది స్పష్టమైన రిపోర్టే. నున్నటి ఇంగ్లిష్‌లో రోజులు కలిసిపోతే కాదు.

ఈ భాగానికి 15కి 7 వేశాను.

డయాగ్నసిస్: మూడు ప్రశ్నలు

ఇక్కడ తొందరపడకండి. ఉన్న 20 మార్కుల్లో ఈ జబ్బే అనడానికి చూపిన ఆధారానికి 8, వేరే జబ్బులు కావనడానికి చూపిన ఆధారానికి 8, ఎంత గట్టిగా చెప్పారో దానికి 4.

మొదటిది, ఆధారం. రిపోర్టు మూడింటి మీద నిలబడింది: ఎస్కార్, వైల్-ఫెలిక్స్, మందుకు తగ్గడం. ఒక్కొక్కదాన్నీ విడిగా లాగి చూడండి.

వైల్-ఫెలిక్స్ పాత పరీక్ష. చవక, అన్నిచోట్లా దొరుకుతుంది. ప్రోటియస్ బ్యాక్టీరియాతో చేసే ఈ పరీక్ష, అసలు స్క్రబ్ క్రిమిని నేరుగా చూపించదు. జబ్బు ఉన్నా నెగటివ్ రావచ్చు, ప్రోటియస్ ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లకు పాజిటివ్ రావచ్చు. 1:80 అన్నది సరిగ్గా గడప మీద ఉన్న అంకె. మన ప్రాంతంలో ఏ జబ్బూ లేనివాళ్లలో ఈ టైటర్ ఎంత ఉంటుందో చెప్పకుండా, ఒక్కసారి చేసిన 1:80ని పట్టుకుని ఏదీ తేల్చలేం. ఓఎక్స్-2, ఓఎక్స్-19 విలువలు కూడా ఇవ్వాలి, ఇవ్వలేదు. గోమార్ల ద్వారా వచ్చే స్పాటెడ్ ఫీవర్‌లో కూడా ఎస్కార్ ఉండొచ్చు. దాన్ని పక్కన పెట్టడానికి కాస్తో కూస్తో ఆ రెండు అంకెలు పనికొచ్చేవి.

మందుకు తగ్గడం అన్నదాన్ని పీజీలు బ్రహ్మాస్త్రంలా వాడతారు. స్క్రబ్ టైఫస్‌లో డాక్సీసైక్లిన్ పడ్డాక సాధారణంగా 48 గంటల్లో జ్వరం దిగుతుంది, నిజమే. కానీ లెప్టోస్పైరోసిస్‌కు కూడా డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది, సెఫ్ట్రియాక్సోన్ కూడా పనిచేస్తుంది. ఈమెకు సెఫ్ట్రియాక్సోన్ మొదటి రోజు నుంచే నడుస్తోంది. అక్టోబరులో వరిపొలంలో దిగి పనిచేసే మనిషికి జ్వరం, ఆయాసం, ప్లేట్‌లెట్లు తక్కువ అంటే లెప్టో మన జాబితాలో ఉండాల్సిందే. కాబట్టి జ్వరం తగ్గడం ఈ రెండు జబ్బుల మధ్య తేడా చెప్పదు. ‘తగ్గింది కాబట్టి ఇదే’ అని ఏ రిపోర్టులో కనిపించినా ఒక ప్రశ్న వేయండి: ఇదే మందుకు ఇంకే జబ్బు తగ్గేది?

ఇక మిగిలింది ఎస్కార్. నిజానికి ఈ కేసులో గట్టి ఆధారం అదే. సరిగ్గా వర్ణించిన ఎస్కార్ ఒక్కటి ఆ 1:80 కంటే చాలా బరువైనది. దాన్నే ఒక్క మాటతో సరిపెట్టారు. 8కి 3.

రెండో ప్రశ్న, వేరే జబ్బులు ఎందుకు కావు? ‘డెంగీ నెగటివ్’ అన్న రెండు మాటల దగ్గర ఆగండి. ఎన్‌ఎస్1 అన్నది జ్వరం వచ్చిన తొలి ఐదు రోజుల్లో పనికొచ్చే పరీక్ష. తర్వాత అది రక్తంలోంచి తగ్గిపోతుంది. తొమ్మిదో రోజున నెగటివ్ రావడం అంటే డెంగీ లేదని కాదు, పరీక్ష ఆలస్యంగా చేశారని. ఆ రోజుకు చేయాల్సింది ఐజీఎం. చేయలేదు, లేదా చేసి రాయలేదు. ఇది చాలా రిపోర్టుల్లో కనిపించే తప్పు. నెగటివ్ అన్న మాట చూడగానే దిద్దేవాళ్లు ముందుకు వెళ్లిపోతారు. మీరు మాత్రం మీరు గీసిన గీత దగ్గరికి వెళ్లి, ఆ పరీక్ష ఏ రోజున పడిందో చూడండి. లెప్టో గురించి ఒక్క ముక్క లేదు. టైఫాయిడ్‌కు బ్లడ్ కల్చర్ ‘పంపడమైనది’ అని ఉంది, ఫలితం లేదు. 8కి 2.

మూడోది, ఎంత గట్టిగా చెప్పారు? ఐసీఎంఆర్ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్క్రబ్ టైఫస్ లాంటి రికెట్సియా జబ్బులకు మూడు మెట్లు ఉన్నాయి: అనుమానం, చాలావరకు అదే, నిర్ధారణ. వైల్-ఫెలిక్స్, ఐజీఎం ఎలైజా లాంటివి రెండో మెట్టు వరకే తీసుకెళ్తాయి. మూడో మెట్టు ఎక్కాలంటే పక్కులోనో రక్తంలోనో పీసీఆర్‌తో క్రిమి డీఎన్‌ఏ దొరకాలి, లేదంటే రెండుసార్లు తీసిన రక్తంలో యాంటీబాడీలు పెరుగుతున్నట్టు ఐఎఫ్‌ఏ లాంటి పరీక్ష చూపించాలి. మన ఆస్పత్రుల్లో చాలాచోట్ల ఇవి ఉండవు. లేవని మార్కులు కోయకూడదు. లేనప్పుడు ‘కన్‌ఫర్మ్‌డ్’ అని రాస్తే కోయాలి. ఈ రిపోర్టు అలాగే రాసింది.

శీర్షికలోని రెండో డయాగ్నసిస్ సంగతి ఇంకా ఘోరం. ఏఆర్‌డీఎస్ అనాలంటే రెండువైపులా మచ్చలుంటే సరిపోదు. 2012 నాటి బెర్లిన్ నిర్వచనం ప్రకారం రక్తంలోని ఆక్సిజన్ పీడనాన్ని ఇస్తున్న ఆక్సిజన్ పాలుతో భాగిస్తే 300 లేదా అంతకంటే తక్కువ రావాలి, అదీ తగినంత ప్రెషర్ సపోర్టు మీద ఉండగా. గుండె వైఫల్యం వల్లో, ఎక్కించిన సెలైన్ వల్లో నీరు చేరలేదని కూడా చూపించాలి. ఈమెకు ఏబీజీ లేదు, ఎకో లేదు, ముక్కు గొట్టంతో ఆక్సిజన్ ఇస్తే సరిపోయింది. ‘ఊపిరితిత్తులకు సోకి ఆక్సిజన్ తగ్గింది’ అని రాసుంటే నేను ఒప్పుకునేదాన్ని. శీర్షికలో పెద్దమాట ఉంటే పబ్లిష్ అవుతుందన్న ఆశ తప్ప వేరే కారణం కనబడదు. 4కి 1.

మొత్తం 20కి 6. జబ్బు కరెక్టే అయినా 6. మొదటిసారి ఇలా వేసినప్పుడు మీకు చెయ్యి రాదు. వేయండి. అదే పద్ధతిలో, తప్పు జబ్బు వైపు వెళ్లినా దారి మొత్తం నిజాయితీగా చూపించి, ఎక్కడ తప్పిపోయామో రాసిన రిపోర్టుకు 15 వేసిన సందర్భాలూ ఉన్నాయి.

పాఠం: రేపు పొద్దున రౌండ్స్‌లో ఏం మారుతుంది?

చివరి పేరాను విడిగా కత్తిరించి, దాంట్లో స్క్రబ్ టైఫస్ తీసేసి టీబీ అని పెట్టి చదవండి. ‘జ్వరం కేసుల్లో టీబీని అనుమానించాలి. త్వరగా గుర్తించి చికిత్స చేయడం ముఖ్యం.’ ఏ తేడా లేకుండా అతికిపోయింది కదా. ఏ జబ్బుకైనా అతికే పాఠం ఈ కేసు నుంచి వచ్చింది కాదు.

‘అరుదైన’ అన్న మాటను కూడా వదలకండి. ఆంధ్ర, తెలంగాణల్లో వానాకాలం తర్వాత స్క్రబ్ టైఫస్ వార్డుల్లో మామూలుగా కనిపించేదే. ఊపిరితిత్తులు దెబ్బతినడం దాంట్లో అందరికీ తెలిసిన ఇబ్బందే. అరుదు కాకపోతే రాయకూడదని కాదు. మామూలు జబ్బు మన చేతిలో ఎలా తప్పిపోయిందో చెప్పే రిపోర్టు, వింత జబ్బు గురించిన రిపోర్టు కంటే ఎక్కువమందికి పనికొస్తుంది.

ఇక్కడే నాకు అనుమానం వచ్చి ఆ పీజీని పిలిచి అడిగాను: ఎస్కార్ ఎవరు చూశారమ్మా, ఎప్పుడు? కాసేపు నసిగి చెప్పింది. మూడో రోజు మధ్యాహ్నం ఒళ్లు తుడుస్తున్నప్పుడు సిస్టర్ చూశారట, ఎడమ రొమ్ము కింద మడతలో. మొదటి రెండు రోజులూ జాకెట్టు మీదుగానే స్టెతస్కోపు పెట్టి చూశారు. డ్యూటీలో ఉన్నది ఇద్దరు మగ డాక్టర్లు, పేషెంటు మొహమాటపడింది, వాళ్లూ మొహమాటపడ్డారు. కేస్ షీట్‌లో మాత్రం మొదటి రోజు ‘చర్మం నార్మల్’ అని ఉంది.

రిపోర్టులో రాయాల్సిన పాఠం మొత్తం ఇదే, ఇది తప్ప అన్నీ రాశారు. ఎస్కార్ ఎక్కువగా దాక్కునేది చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద, నడుం దగ్గర బట్ట బిగించి కట్టుకునేచోట. తడి ఉండే మడతల్లో అది నల్లగా కూడా ఉండకపోవచ్చు, పక్కు ఊడిపోయి చిన్న పుండులా ఉండొచ్చు. నొప్పి ఉండదు కాబట్టి పేషెంటు తనంతట తాను చెప్పదు. కారణం తెలియని జ్వరంతో వచ్చిన ప్రతి మహిళనూ సిస్టర్‌ని పక్కన పెట్టుకుని, తెర వేసి, ఈ చోట్లన్నీ చూడాలి. చూడకపోతే ‘చూడలేదు’ అని రాయాలి, ‘నార్మల్’ అని కాదు. ఇది చదివిన ఇంటర్న్ రేపు పొద్దున వేరేలా పని చేస్తాడు.

పాఠం కేసును దాటి పరుగెత్తినా మార్కులు కోయండి. చర్చలో ఒకచోట ‘ఈ కేసును బట్టి రెండు యాంటీబయాటిక్‌లు కలిపి ఇవ్వడం మేలని తెలుస్తోంది’ అని ఉంది. ఒక్క పేషెంటుతో ఏ మందు మేలో ఎప్పటికీ తేలదు. ల్యాబ్ రిజల్టు కోసం ఆగకుండా అనుమానం రాగానే మందు మొదలుపెట్టాలన్నది ఐసీఎంఆర్ మార్గదర్శకాల్లోనే ఉంది. చెప్పదలచుకుంటే వాటి పేరు చెప్పి చెప్పాలి, తన కేసే దాన్ని రుజువు చేసినట్టు కాదు.

పాఠానికి 15కి 3. మొత్తం 50కి 16.

కేస్ రిపోర్టుల కోసం 2013లో వచ్చిన కేర్ చెక్‌లిస్ట్ ఉంది కదా, దాంతో దిద్దితే సరిపోదా అని అడుగుతుంటారు. శీర్షిక, టైమ్‌లైన్, పేషెంటు సమ్మతి లాంటివి ఉన్నాయో లేదో చూడటానికి అది బాగుంటుంది. నేనూ చివర్లో ఒకసారి టిక్కులు పెట్టుకుంటాను. కానీ అందులో ‘ఇతర జబ్బుల గురించిన ఆలోచన’ అన్న గడిలో ఈ రిపోర్టుకు కూడా టిక్కు పడుతుంది. ‘డెంగీ నెగటివ్’ అని రాశారుగా! ఉందా లేదా అన్నది చెక్‌లిస్ట్ చెప్తుంది, నిలబడుతుందా అన్నది మీరు చెప్పాలి. పేషెంటు సమ్మతి లేకపోతే మాత్రం మార్కుల దాకా వెళ్లకుండా వెనక్కి ఇచ్చేయండి.

ఇద్దరు దిద్దుతుంటే విడివిడిగా మార్కులు వేసుకుని తర్వాతే కూర్చోండి. తేడా ఐదు మార్కులు దాటితే సగటు తీయకండి, ఏ వాక్యం దగ్గర విడిపోయారో వెతకండి. మా అనుభవంలో చాలాసార్లు అది డయాగ్నసిస్ దగ్గరే ఉంటుంది. ఒకరు రిపోర్టులో ఉన్నది చదివారు, ఇంకొకరు తమకు తెలిసింది చదివారు.

మార్కుతో పాటు మూడే మూడు వాక్యాలు రాసి ఇవ్వండి. ఈ రిపోర్టు మీద నేను రాసినవి: ‘ఎన్‌ఎస్1 జ్వరం ఎన్నో రోజున చేశారు? ఎస్కార్‌ను ఆ మాట వాడకుండా వర్ణించు. మూడో రోజు మధ్యాహ్నం ఏం జరిగిందో రాయి.’

పది రోజులకు కొత్త కాపీ వచ్చింది. శీర్షికలో అరుదు పోయింది, ఏఆర్‌డీఎస్ పోయింది. ల్యాబ్ ఫ్రిజ్‌లో దాచిన సీరంతో స్క్రబ్ ఐజీఎం ఎలైజా చేయించింది, పాజిటివ్. అదే సీరంలో డెంగీ, లెప్టో ఐజీఎంలు నెగటివ్. కల్చర్ రిపోర్టు వెతికి తెచ్చింది. ‘చాలావరకు స్క్రబ్ టైఫస్’ అని రాసి, పీసీఆర్ ఎందుకు లేదో ఒక వాక్యం పెట్టింది: పక్కు కనబడ్డ రోజున దాన్ని తీసి పంపాలని ఎవరికీ తోచలేదు. మొదటి రోజు ‘చర్మం నార్మల్’ అని రాసింది చూడకుండానేనని కూడా రాసింది. 50కి 39 వేశాను.